రెక్కా, తోకా, తేలే తీరా? శేషాచలం మీది గద్ద ఫొటోలో దేన్ని నమ్మాలి

తిరుపతి ఊరు శేషాచలం కొండలకు దక్షిణపు అడుగున ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి ఊరి వైపు తిరిగిన ఆ నిటారు రాతి ముఖం పొద్దెక్కేకొద్దీ బాగా వేడెక్కుతుంది. దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాని కోసమే కాచుకుని ఉన్న వేట పక్షులు చెట్లు వదిలి ఆ గాలిలో గుండ్రంగా తిరుగుతూ, రెక్క ఆడించకుండానే శిఖరం దాటి పైకి వెళ్తాయి. అలిపిరిలోనో కపిలతీర్థం దగ్గరో నిలబడి తల ఎత్తితే అవి కనిపిస్తాయి. ఫొటో తీయడం కూడా పెద్ద కష్టం కాదు. ఇంటికి వచ్చి ఆ ఫొటోలో ఉన్నది ఏ పక్షో తేల్చడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఆకాశంలో కొలబద్ద ఉండదు, కాబట్టి ఒంటరి పక్షి పరిమాణం ఫొటోలో తెలియదు. రంగులు వెలుగుకు ఎదురుగా నల్లబడతాయి. మిగిలేవి మూడు ఆనవాళ్లు: రెక్క ఆకారం, తోక ఆకారం, గాలిలో తేలేటప్పుడు రెక్కలు పట్టే తీరు. ఈ మూడింటిలో ఏది మేలన్నది పక్షిని బట్టి మారుతుంది. ఊరి మీద తిరిగే మామూలు నల్ల గద్ద విషయంలో తోకే గెలుస్తుంది. ఆ తోక కొస మధ్యలో లోపలికి నొక్కుకుని ఉంటుంది, పక్షి దాన్ని నిమిషానికి ఎన్నోసార్లు అటూ ఇటూ మెలితిప్పుతుంది. గరుడ పక్షి తోక కొస మాత్రం గుండ్రం. అయితే నల్ల గద్ద తోకను పూర్తిగా విప్పినప్పుడు ఆ నొక్కు మాయమై కొస తిన్నగా కనిపిస్తుంది. చలికాలంలో వలస వచ్చే బూటెడ్ ఈగిల్‌ను గద్దగానూ, గద్దను బూటెడ్ ఈగిల్‌గానూ పొరబడేది ఇక్కడే. తోక విప్పిన ఒక్క ఫొటోతో ఆ జంట మీద తీర్పు చెప్పకూడదు. తోక మూసిన ఫొటో దొరికేదాకా ఆగాలి.

నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది మరో జంట గురించి. కొండ వాలు మీద, అడవి అంచున తిరిగే పాముల గద్ద, తేనె గద్ద. మొదటిది పక్షి పరిశీలకులు క్రెస్టెడ్ సర్పెంట్ ఈగిల్ అనేది, రెండోది ఓరియంటల్ హనీ బజర్డ్. పరిమాణంలో రెండూ దగ్గర దగ్గరే. ఎదిగిన పాముల గద్దతో అంత ఇబ్బంది లేదు. దాని రెక్క వెనుక అంచు నల్లగా ఉండి, ఆ నలుపుకు లోపల వెడల్పైన తెల్ల పట్టీ ఉంటుంది. తోకలోనూ అలాంటి తెల్ల పట్టీయే ఒకటి. ఎండకు ఎదురుగా తీసిన నల్లటి ఫొటోలో కూడా ఆ పట్టీల గుండా వెలుతురు దూరి కనిపిస్తుంది. చిక్కంతా పిల్ల పక్షితోనే. దాని అడుగు భాగం తెల్లగా, లేత చారలతో ఉంటుంది, ఎదిగిన పక్షికున్న స్పష్టమైన పట్టీ ఇంకా ఏర్పడి ఉండదు. ఇక తేనె గద్ద సంగతి చెప్పనక్కర్లేదు. ముదురు గోధుమ నుంచి దాదాపు తెలుపు వరకు ఎన్ని రంగుల్లోనైనా ఉంటుంది. ఈ రెండింటి మధ్య రంగును నమ్మడం అంటే లాటరీ వేయడమే.

ముందుగా తేలే తీరు చూద్దాం, ఎందుకంటే పుస్తకాలు దాన్నే మొదట చెబుతాయి. పాముల గద్ద గాలిలో తిరిగేటప్పుడు రెండు రెక్కలనూ భుజాల కంటే పైకి, వి ఆకారంలో ఎత్తి పట్టుకుంటుంది. తేనె గద్ద తిరిగేటప్పుడు రెక్కలు చదునుగా ఉంటాయి, జారుతూ పోయేటప్పుడు కొసలు కాస్త కిందికి వంగుతాయి. ఇది నిజమైన తేడా, కళ్లతో చూస్తున్నవారికి అద్భుతంగా పనికొస్తుంది. ఫొటోలో మాత్రం దీనికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, పక్షి మనకు ఎదురుగానో, పూర్తిగా వెనక్కి తిరిగో, దాదాపు మన కంటి ఎత్తులో ఉండాలి. కపిలతీర్థం నుంచి నడినెత్తి మీది పక్షిని తీస్తే వి ఆకారం అస్సలు కనిపించదు. అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం దాకా ఎక్కి, లోయ మీద తిరిగే పక్షిని చూస్తే అదే ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. రెండో షరతు ఇంకా ముఖ్యం: ఆ క్షణంలో పక్షి రెక్కలు ఆడిస్తూ ఉండకూడదు. ఆడించే ప్రతి పక్షీ రెక్క పైకి ఎత్తిన క్షణంలో వి లాగే ఉంటుంది. కెమెరా ఆ క్షణాన్నే పట్టుకుంటే తేనె గద్ద కాస్తా పాముల గద్ద అయిపోతుంది.

తర్వాత రెక్క. పాముల గద్ద రెక్క వెడల్పుగా ఉంటుంది, వెనుక అంచు మధ్యలో బయటికి ఉబ్బుతుంది, కొస గుండ్రంగా ముగుస్తుంది. తేనె గద్ద రెక్క పొడవు, మొదలు నుంచి కొస దగ్గర వరకు వెడల్పు పెద్దగా మారదు. కొసన వేళ్లలా విచ్చుకునే ఈకలు ఆరు. ఇది మంచి ఆనవాలే, కానీ పక్షి ఒక పక్కకు ఒరిగితే రెక్క పొడవు ఫొటోలో కుదించుకుపోతుంది. పొడవైన రెక్క పొట్టిగా, దాంతో వెడల్పుగా కనిపిస్తుంది. గుండ్రంగా తిరిగే పక్షి ఎప్పుడూ ఎంతో కొంత ఒరిగే ఉంటుంది కాబట్టి ఇది అరుదుగా జరిగే పొరపాటు కాదు. ఒక రెక్క రెండోదాని కంటే పొట్టిగా కనిపిస్తే ఆ ఫొటోలో రెక్క పొడవు గురించి ఏమీ మాట్లాడకపోవడం మంచిది.

తోక ఆకారం ఒక్కటే చూస్తే ఈ జంటలో చాలా బలహీనమైన ఆనవాలు. రెండింటి తోకా విప్పితే విసనకర్ర, మూస్తే పట్టీ. కానీ తోక పొడవును రెక్క వెడల్పుతో పోల్చి చూస్తే లెక్క మారిపోతుంది, నా అభిప్రాయంలో మూడింటినీ మించిన ఆనవాలు ఇదే. పాముల గద్దలో రెక్క వెనుక అంచు నుంచి తోక కొస వరకు ఉన్న దూరం రెక్క వెడల్పు కంటే స్పష్టంగా తక్కువ. తేనె గద్దలో అది రెక్క వెడల్పుకు దగ్గరగా వస్తుంది.

దీన్ని ఎందుకు నమ్మవచ్చో చెప్పాలి. తోక పొడవు పక్షి శరీరం వెంట, ముందు నుంచి వెనక్కి పోయే కొలత. రెక్క వెడల్పు కూడా అదే దిశలో పోయే కొలత. పక్షి పక్కకు ఒరిగితే కుదించుకుపోయేది రెక్క పొడవు, ఈ రెండూ కాదు. ముక్కు పైకెత్తినా దించినా ఈ రెండూ కలిసే, దాదాపు ఒకే పాళ్లలో తగ్గుతాయి. అంటే ఫొటో తీసిన కోణం పాడు చేయలేని నిష్పత్తి ఇది. కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. తెరమీద ఫొటో పెద్దది చేసి, ఒక కాగితం అంచును రెక్క మీద శరీరానికి సమాంతరంగా ఆనించి, ముందు అంచు దగ్గర ఒక గీత, వెనుక అంచు దగ్గర ఒక గీత పెట్టండి. అదే కాగితాన్ని తోక మీదికి జరిపి పోల్చండి. రెక్క శరీరాన్ని కలిసే చోట కాకుండా, రెక్క ముందు అంచు వంగే మణికట్టుకు కాస్త లోపల, వెనుక అంచు ఎక్కువ వెడల్పుగా ఉన్న చోట కొలవాలి. రెక్కలు పూర్తిగా చాపి తిరుగుతున్న ఫొటోనే తీసుకోవాలి. జారుతూ పోయేటప్పుడు పక్షి రెక్కను వెనక్కి మడుస్తుంది, అప్పుడు వెడల్పు అనేదే అర్థం లేనిదవుతుంది. తోక ఈకలు రాలి కొత్తవి వస్తున్న పక్షి మీద కూడా ఈ కొలత చెల్లదు. తోక కొస ఎగుడుదిగుడుగా ఉండటమో, మధ్యలో ఖాళీ కనిపించడమో దానికి గుర్తు.

చంద్రగిరిలో ఉండే మా తమ్ముడి కొడుకు జనవరిలో ఒక వరుస ఫొటోలు పంపాడు. అడుగు భాగం తెల్లగా ఉన్న పక్షి. "పెదనాన్నా, రెక్కలు వి ఆకారంలో ఉన్నాయి చూడండి, పాముల గద్ద పిల్లే కదా?" అని అడిగాడు. మొదటి ఫొటోలో నిజంగానే రెక్కలు పైకి లేచి ఉన్నాయి. కానీ రెక్క కొసలు మసకబారాయి, శరీరం మాత్రం స్పష్టంగా ఉంది. పక్షి తేలుతూ ఉంటే కొసలు కూడా శరీరమంత స్పష్టంగానే పడాలి. మణికట్టు దగ్గర రెక్క మడత కూడా కనిపించింది. ఆ పక్షి రెక్క ఆడిస్తోందన్నమాట, ఆ వి ఆకారానికి విలువ లేదు.

మూడో ఫొటోలో అది తల మీదుగా తిరిగింది. ఎడమ రెక్క కుడిదాని కంటే పొట్టిగా ఉంది, కాబట్టి రెక్క పొడవును పక్కన పెట్టాము. కాగితంతో కొలిస్తే తోక దాదాపు రెక్క వెడల్పంత వచ్చింది. వెనుక అంచులో ఉబ్బు తక్కువ. చివరి ఫొటోలో పక్షి దూరంగా, మాకు ఎదురుగా తిరిగి వస్తోంది. రెక్కల అంచు చదునైన గీత. ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి మెడ, దానిపై పావురానికి ఉన్నట్టు చిన్న తల. పాముల గద్ద తల పెద్దది, మెడ పొట్టిగా కనిపిస్తుంది. "అయితే తేనె గద్ద" అన్నాడు వాడే, నేను చెప్పకముందే.

ఈ నిష్పత్తికీ ఒక హద్దు ఉంది. శేషాచలం అడవుల్లోనే ఉండే జుట్టు బైరికి, అంటే ఛేంజబుల్ హాక్ ఈగిల్‌కు కూడా తోక పొడవే. అక్కడ కాగితం కొలత తేనె గద్ద నుంచి దాన్ని వేరు చేయదు. మళ్లీ రెక్క దగ్గరికే పోవాలి: జుట్టు బైరి రెక్క శరీరం దగ్గర సన్నగా నొక్కుకుని, మధ్యలో బాగా ఉబ్బి ఉంటుంది, తల కూడా దిట్టంగా ఉంటుంది. అందుకే పక్షి ఒక చుట్టు పూర్తిగా తిరిగే వరకు మీట వదలకుండా తీస్తూ ఉండండి. ఆ ఒక్క చుట్టులోనే అది ఎదురుగా, పక్కగా, వెనక్కి తిరిగి కనిపిస్తుంది. తెల్లటి ఆకాశం మీద తీస్తుంటే వెలుగును కెమెరా చూపిన దాని కంటే ఒక మెట్టో ఒకటిన్నర మెట్టో పెంచండి. లేకపోతే పక్షి అడుగు భాగమంతా నల్లబడి, దాని మీది గుర్తులు కనిపించవు.