ప్రెపీ స్టైల్‌కి మొదటి చొక్కా: ఆక్స్‌ఫర్డా, పోలోనా?

ఆగస్టు వచ్చిందంటే చాలు, బోస్టన్ వైపు చదువుకోవడానికి వచ్చే మన పిల్లల నుంచి ఇదే ప్రశ్న. ప్రెపీగా, అంటే అమెరికాలో పేరున్న ప్రైవేటు బడుల పిల్లల్లా కనిపించాలంటే ముందు ఏం కొనాలి, కాలర్ కొసలకి గుండీలుండే ఆక్స్‌ఫర్డ్ చొక్కానా, పోలో టీషర్టా? నేవీ బ్లేజర్, చినో ప్యాంట్లు, లోఫర్ బూట్లు, కేబుల్ స్వెటర్ లాంటివన్నీ వాళ్లకి ముందే తెలుసు. వాటన్నిటికీ అడుగున ఏం వేసుకోవాలన్నదే తేలదు.

నిజానికి రెండూ ఆటస్థలం నుంచి వచ్చిన బట్టలే. ఇంగ్లండులో గుర్రాల మీద పోలో ఆడేవాళ్లు కాలర్ ఎగిరి మొహానికి తగలకుండా గుండీలు పెట్టుకునేవారని, అది చూసి వచ్చి గుండీల కాలర్ చొక్కా తెచ్చామని న్యూయార్క్ కంపెనీ బ్రూక్స్ బ్రదర్స్ చెప్పుకుంటుంది. ఇప్పుడు మనం పోలో అంటున్న పొట్టి చేతుల అల్లిక చొక్కాకి పేరు తెచ్చింది టెన్నిస్ ఆటగాడు రెనే లాకోస్ట్. 1933లో మొసలి బొమ్మతో కంపెనీ పెట్టి అమ్మాడు. 1972లో అమెరికన్ డిజైనర్ రాల్ఫ్ లారెన్ దాన్ని రకరకాల రంగుల్లో తెచ్చాక అది అమెరికా కాలేజీల్లో పాతుకుపోయింది.

రంగుల దగ్గర రెండింటి స్వభావం వేరు. ఆక్స్‌ఫర్డ్ బట్టలో పడుగు రంగుది, పేక తెల్లది. అందుకే దగ్గరగా చూస్తే రంగు, తెలుపు చిన్న చుక్కల్లా కలిసి కనిపిస్తాయి. దూరం నుంచి లేత నీలం, లేత గులాబీ, లేత పసుపు. ముదురు రంగు ఆక్స్‌ఫర్డ్ అరుదు, ఉన్నా ఈ స్టైల్‌కి అతకదు. పోలో అలా కాదు, చిలకపచ్చ, నిండు గులాబీ, ఎరుపు అన్నీ దాని మీద నిలుస్తాయి. అంటే పోలో వేస్తే గట్టి రంగు పైనే అయిపోయింది, కింద ఖాకీయో తెలుపో వేసి ఊరుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ వేస్తే ఆ రంగుని ప్యాంటుకో స్వెటర్‌కో ఇచ్చుకోవచ్చు. నాన్‌టకెట్ దీవిలో వేసే ఎర్ర ప్యాంటు ఉతికేకొద్దీ వెలిసి గులాబీ రంగుకి దిగుతుంది. అలాంటి దాని మీదకి లేత నీలం ఆక్స్‌ఫర్డ్ బాగా కుదురుతుంది. చిలకపచ్చ పోలో వేశారంటే మాత్రం రెండూ కొట్లాడుకుంటాయి.

అయితే నా లెక్కలో తేల్చేది రంగు కాదు, పొరలు. ప్రెపీ అంటే ఒక బట్ట మీద ఇంకోటి వేసుకునే అలవాటు. బోస్టన్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు వాతావరణం నేర్పిన అలవాటది, పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం మళ్లీ చలి. కాబట్టి అడుగు చొక్కాకి ఉండాల్సిన మొదటి గుణం, పైన ఏది వేసినా తన చోట తాను కదలకుండా ఉండటం.

అక్టోబర్‌లో అదే వైపున్న న్యూ హేవెన్‌లో ఒక రోజు అనుకోండి. లేత నీలం ఆక్స్‌ఫర్డ్, ఖాకీ చినోలు, ముదురాకుపచ్చ షెట్లాండ్ ఉన్ని స్వెటర్, గుండ్రటి మెడది. పైన ఇత్తడి గుండీల నేవీ బ్లేజర్. ఆక్స్‌ఫర్డ్ కాలర్ కింద మెడ చుట్టూ నిటారుగా నిలబడే పట్టీ ఉంటుంది, కొసలు గుండీలతో చొక్కాకే బిగించి ఉంటాయి. స్వెటర్ తొడిగినా, విప్పినా అవి బయటికి దూకవు. బ్లేజర్ వెనక కాలర్ పైన అర అంగుళం చొక్కా కనిపిస్తుంది, కాబట్టి మెడ జిడ్డు ఉన్నికి అంటదు. మణికట్టు దగ్గర కూడా అంతే, కఫ్ కాస్త బయటికి వచ్చి స్వెటర్ అంచుని కాపాడుతుంది. చొక్కా రోజూ ఉతుకుతాం, బ్లేజర్‌ని ఉతకలేం కదా. మధ్యాహ్నం ఎండెక్కితే స్వెటర్ విప్పి భుజాల మీద వేసుకోవచ్చు, చొక్కా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది.

అదే వరసలో పోలో పెట్టి చూడండి. దాని కాలర్ ఉత్త అల్లిక, చాలావాటికి కింద నిలబెట్టే పట్టీ ఉండదు. స్వెటర్ తొడగగానే ఒక రెక్క లోపలికి, ఒకటి బయటికి. బ్లేజర్ వేశాక దాని బరువుకి కాలర్ కిందకి జారి, ఉన్ని నేరుగా మెడకి రాసుకుంటుంది. పొట్టి చేతులు కాబట్టి షెట్లాండ్ ఉన్ని ముంజేతుల మీద గీరుతుంది, మణికట్టు దగ్గర ఏమీ కనిపించదు. 1980ల్లో రెండు పోలోలు ఒకదాని మీద ఒకటి వేసి కాలర్లు నిలబెట్టుకునేవాళ్లు. అదీ పొరేనంటే కాదనను గానీ, నాకు నచ్చదు.

ఇంత చెప్పినా జులైలో పోలోకి తిరుగులేదు. దానికి వాడే గరుకైన పికే అల్లికలో గాలి ఆడుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, బోట్ షూస్‌తో, షార్ట్స్‌తో ఇట్టే కలిసిపోతుంది. వెనక భాగం ముందుకన్నా కాస్త పొడుగ్గా ఉంటే మంచిది, వంగినప్పుడు షార్ట్స్ లోంచి జారిరాదు. హైదరాబాద్‌లో ఉండి అడిగేవాళ్లకి కూడా నా జవాబు పోలోనే. మే నెలలో ఆక్స్‌ఫర్డ్ మందం భరించలేం, పైన వేసుకోవడానికి రెండో పొర అవసరమే రాదు.

ఆక్స్‌ఫర్డ్ కొనేటప్పుడు గుండీలున్నంత మాత్రాన అదే ఇదనుకోవద్దు. కాలర్ కొసని రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. లోపల అట్టముక్కలాంటిది తగిలితే పక్కన పెట్టేయండి. మెత్తగా ఉండి, కొసలు కాస్త పొడుగ్గా ఉండాలి. గుండీ పెట్టాక కాలర్ చదునుగా అతుక్కుపోకుండా మధ్యలో ఉబ్బి వంపు తిరగాలి. ఇప్పుడు చవక చొక్కాల్లో కొసలు పొట్టివి చేసేస్తున్నారు, వంపు తిరగడానికి అక్కడ బట్టే ఉండదు. ఇస్త్రీ అక్కర్లేదని రాసినవాటికి రసాయనపు పూత పట్టిస్తారు, ముడతలు పడవు గానీ గాలి తక్కువ, ఏళ్లు గడిచినా మెత్తబడవు. మామూలు నూలుదైతే ఉతికాక కుంచించుకుపోతుంది. మెడ దగ్గర ఒక వేలు దూరేంత వదులు, చేతులు కాస్త పొడుగు చూసుకుని తీసుకోండి.

మద్రాసు గళ్ల చొక్కా సంగతి కూడా అడుగుతారు. అది వేసవికి, ఒంటరిగా వేసుకునేది. పాతకాలం మద్రాసు బట్ట ఉతికితే రంగు దిగి గళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి, 1960ల అమెరికాలో ఆ లోపాన్నే గొప్పగా చెప్పి అమ్మారు. గళ్లతో జాగ్రత్త, చొక్కా గళ్లదైతే మిగతావన్నీ సాదావే ఉండాలి.

గింగమ్ చిన్న గళ్లు ఫర్వాలేదు, కాకపోతే ఆఫీసు వాసన వస్తుంది. రగ్బీ చారలు ఆదివారానికి. లేత నీలం ఆక్స్‌ఫర్డ్ ఒకటి, తెల్లది ఒకటి కొన్నాక డబ్బులు మిగిలితే అప్పుడు నేవీ పోలో చూడండి, ఎలాగూ జూన్ దాకా దాని అవసరం పడదు.