రాజాం రోడ్డులో రాత్రి డ్రైవింగ్: హాలోజన్ హెడ్‌లైట్‌కి రిలే వేయించాక

మా హ్యాచ్‌బ్యాక్‌కి కంపెనీ నుంచి వచ్చినవి మామూలు హెచ్4 హాలోజన్ బల్బులు. డిమ్‌లో 55 వాట్లు, బ్రైట్‌లో 60. శ్రీకాకుళంలో పని ముగించుకుని చిలకపాలెం దగ్గర నేషనల్ హైవే వదిలి రాజాం రోడ్డెక్కేసరికి చీకటి పడిపోతుంది. ఊళ్ళు తగిలినప్పుడు తప్ప వీధి దీపం కనపడదు. ఎదురుగా ఏదో ఒక బండి వస్తూనే ఉంటుంది కనుక బ్రైట్ వేసుకునే అవకాశం తక్కువ, దారంతా డిమ్ మీదే నడపాలి. అందుకే నేను చెప్పేది కూడా డిమ్ గురించే.

ఈ రోడ్డులో అసలు టెన్షన్ కోతల కాలంలో. ధాన్యం తారు మీదే ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి నల్ల బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల బరకం! లారీకైతే వెనక ఎర్ర స్టిక్కరన్నా మెరుస్తుంది, దీనికి అదీ లేదు. పాత లైట్లతో ఇలాంటివి ముప్పై మీటర్లలోకి వచ్చాక గాని తెలిసేవి కావు. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ముప్పై మీటర్లు దాటిపోతాం, ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 35 కావాలి.

బల్బు మార్చినా పెద్ద తేడా రాలేదు. రాజాంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజన్ ఆన్‌లో పెట్టించి, లైట్లు వేయించి, మీటర్ పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు హోల్డర్ వెనక 12.2. రెండు బల్బుల కరెంటూ స్టీరింగ్ పక్కనున్న స్విచ్ మీదుగా, సన్నటి వైర్లలో తిరిగి రావడమే కారణం. వోల్టేజి పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చే. ఆ కిట్ వేస్తే పాత స్విచ్ రిలేని ఆన్ చేసే పని మాత్రమే చేస్తుంది. బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైర్లో నేరుగా వస్తుంది. కంపెనీ వైరు ఒక్కటీ కోయకుండా, పాత సాకెట్‌కి తగిలించే కిట్‌నే అడిగి తీసుకోండి. వేశాక హోల్డర్ దగ్గర 13.5 వచ్చింది. బల్బు అదే, వాటేజీ అదే, పసుపుగా మసకబారిన వెలుగు మాత్రం తెల్లబడింది. 100/90 వాట్ల బల్బులు వేసుకోమని షాపుల్లో చెబుతుంటారు గాని, ఆ వేడికి ప్లాస్టిక్ హోల్డర్లు కరుగుతాయి, లోపలి రిఫ్లెక్టర్ కూడా పాడవుతుంది.

వెలుగు పెరిగాక దాని ఎత్తు సరిచూడటం ఇంకా ముఖ్యం. రైసుమిల్లు గోడకి పది మీటర్ల దూరంలో, చదునైన చోట బండి నిలిపాం. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి. నేల నుంచి లైటు మధ్యభాగం 65 సెంటీమీటర్లు ఉంటే, గోడ మీద డిమ్ వెలుగు పై అంచు గీత 55 దగ్గర పడాలి. అక్కడ టేపు అంటించి, వెనకున్న స్క్రూ తిప్పి సరిచేశాం. తర్వాత డిక్కీలో బియ్యం బస్తాలు వేసి, వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెడితే గీత టేపు దాటి పైకి పోయింది. డ్యాష్‌బోర్డు మీద లైటు ఎత్తు మార్చే చక్రం 0 నుంచి 2కి తిప్పితే దిగింది. పండక్కి ఇంటిల్లిపాదీ బయలుదేరినప్పుడు ఎదుటివాళ్ళు డిప్పర్ కొడుతున్నారంటే ముందు ఈ చక్రం చూసుకోవాలి.

మా బావ తన బండికి చవకగా దొరికిన ఎల్ఈడీ బల్బులు పెట్టాడు. అదే గోడ మీద రెండు బళ్ళూ పక్కపక్కన వెలిగించి చూశాం. దగ్గర్లో ఆయనది పట్టపగల్లా ఉంది. కానీ గీత అన్నదే లేదు, వెలుగు పైకంతా చెదిరిపోయింది. హెచ్4లో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగుని అది ఆపబట్టే గోడ మీద ఆ గీత పడుతుంది. ఎల్ఈడీ చిప్పు సరిగ్గా ఫిలమెంట్ ఉండాల్సిన చోట లేకపోతే రిఫ్లెక్టర్ లెక్క తప్పుతుంది. ముందు టైరు దగ్గర వెలుగు ఎక్కువైతే కన్ను దానికే అలవాటుపడి దూరంలో ఉన్నది ఆనదు. బావ ఒప్పుకోలేదనుకోండి, ఆయనకి తెలుపే ముద్దు.

ఇప్పుడు నాకు బరకం కుప్ప యాభై మీటర్ల దూరంలో తెలుస్తోంది. 60 స్పీడుకి అది సరిపోతుంది, 80కి చాలదు. కాబట్టి ఆ రోడ్డులో రాత్రి 60 దాటను. వానలో ఈ లెక్క కూడా పనిచేయదు. తడి తారు అద్దంలా మారి మన వెలుగుని ముందుకే విసిరేస్తుంది, వెనక్కి వచ్చేది తక్కువ. అప్పుడు ఎడమ అంచు తెల్లగీత పట్టుకుని 40లో పోవడమే. ఆ గీత చాలాచోట్ల చెరిగిపోయింది కూడా.

రిలే వేశాక బల్బులు కొంచెం త్వరగా పోతున్నాయి, అందుకే డ్యాష్‌బోర్డులో ఒకటి అదనంగా ఉంచుతాను. వారంటీలో ఉన్న బండికైతే వైరింగ్ ముట్టుకునే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. కొత్త బండి కొనేవాళ్ళు టెస్ట్ డ్రైవ్ రాత్రి ఏడు దాటాక ఇమ్మని పట్టుబట్టి, దీపాల్లేని రోడ్డులో డిమ్ వేసి చూసుకోండి.