ఈ-సైన్, ఈ-స్టాంప్ ఒప్పందాలు: ఏళ్ల తరబడి వాడాక నాకు తెలిసింది

మాది ఏసీలు, జనరేటర్లు బాగుచేసే సంస్థ. ఏడాది పొడవునా యంత్రాల బాగోగులు చూసుకునే ఏఎంసీ ఒప్పందాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఒకప్పుడు స్టాంపు పేపరు కొని, ప్రింటు తీసి, సంతకాల కోసం కొరియర్లో పంపి, అది తిరిగి వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లం. కొన్నేళ్లుగా ఆ పనంతా ఒక ఈ-సైన్ సర్వీసు ద్వారానే చేస్తున్నాం. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇలాంటి రోజువారీ ఒప్పందాలకు ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుంది, దాని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఇబ్బంది వచ్చేది స్టాంపు తేదీ దగ్గర, ఫైలు దాచుకునే తీరు దగ్గర.

సమాచార సాంకేతిక చట్టం 2000లోని 10ఎ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. అంతమాత్రాన అన్ని ఎలక్ట్రానిక్ సంతకాల బరువూ ఒకటే కాదు. ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్‌కు, యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, అంటే డీఎస్‌సీతో చేసే సంతకానికి వెనుక లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. సంతకం బొమ్మను పీడీఎఫ్‌లో అతికించినా, పేరు టైపు చేసినా ఒప్పందం కుదిరినట్టు చూపించుకోవచ్చు. కాకపోతే అవతలివాళ్లు కాదంటే ఈమెయిళ్లు, బిల్లులు, చెల్లింపులు ముందుపెట్టి మనమే నిరూపించుకోవాలి. అందుకే డబ్బు ఇమిడి ఉన్న ఏ ఏఎంసీకైనా నేను ఈ-సైన్ గానీ డీఎస్‌సీ గానీ పట్టుబట్టి అడుగుతాను.

దీని విలువ నాకు ఒక గొడవలో బాగా తెలిసింది. ఒక కస్టమర్‌తో ఏఎంసీ చేసుకున్నాం. బిల్లు ఇచ్చిన ముప్పై రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ అన్నది షరతు. బిల్లులు పేరుకుపోయి మేం అడిగేసరికి, ఒప్పందంలో ఉన్నది అరవై రోజులంటూ వాళ్లు ఒక స్కాన్ కాపీ పంపారు. చూస్తే నిజంగానే అరవై అని ఉంది, కింద రెండు సంతకాల బొమ్మలూ ఉన్నాయి. మా దగ్గర సంతకాలైన అసలు పీడీఎఫ్ ఉంది. దాన్ని అడోబ్ రీడర్‌లో తెరిచి సంతకాల ప్యానెల్ చూస్తే ఇద్దరి పేర్లు, సంతకం చేసిన తేదీ, సమయం కనిపించాయి. సంతకం తర్వాత ఫైలు మారలేదనీ వచ్చింది. అందులో షరతు ముప్పై రోజులే. వాళ్లు పంపిన స్కాన్‌లో మాత్రం పరిశీలించడానికి ఏమీ లేదు, అది వట్టి బొమ్మ. మా ఫైలును అలాగే ఈమెయిల్‌లో పంపి, మీ దగ్గరున్న ఒరిజినల్ పీడీఎఫ్ పంపండి అని అడిగాం. వాళ్ల దగ్గర అది లేదు. తర్వాత మాట్లాడుకుని బకాయి కట్టేశారు.

కొత్తగా వాడేవాళ్లు తరచూ కంగారుపడే విషయం ఒకటుంది. ఫైలు తెరవగానే సంతకం మీద ప్రశ్న గుర్తు, `Validity Unknown` అని కనిపిస్తుంది. దానర్థం సంతకం దొంగదని కాదు, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను ఆ కంప్యూటర్ ఇంకా నమ్మకమైనవాటి జాబితాలో చేర్చుకోలేదని. సర్టిఫికెట్ వివరాలు తెరిచి, అది ఎవరు జారీ చేశారో చూసుకున్నాక నమ్మకమైనదిగా చేరిస్తే పచ్చ టిక్ వస్తుంది. సంతకం తర్వాత పత్రం మారింది అని వస్తే మాత్రం అది నిజంగా పట్టించుకోవాల్సిన హెచ్చరిక. సైజు తగ్గించడానికి పీడీఎఫ్‌ను కంప్రెస్ చేసినా, ‘ప్రింట్ టు పీడీఎఫ్’ కొట్టినా లోపలి సంతకం పోయి బొమ్మ మిగులుతుంది. మా ఆఫీసులో సంతకాలైన ఫైలును ఎవరూ ముట్టుకోరు. చదవడానికి కాపీ కావాలంటే వేరే పేరుతో తీసుకుంటారు.

ఇక స్టాంపు. ఆ గొడవ ఇంకా తేలకముందు, అదే ఒప్పందాన్ని నోటీసు కోసం మా లాయర్ గారికి చూపిస్తే, ఆయన మొదటి పేజీలోని ఈ-స్టాంప్ సర్టిఫికెట్ తేదీని వేలుపెట్టి చూపించారు. సంతకాలు సోమవారం అయ్యాయి, స్టాంపు బుధవారం కొన్నది. అప్పట్లో మేం వాడిన సర్వీసు స్టాంపును విడిగా కొని, తర్వాత జతచేసేది. భారత స్టాంపు చట్టం 1899లోని 17వ సెక్షన్ ప్రకారం సంతకానికి ముందో, సంతకం చేసేటప్పుడో స్టాంపు ఉండాలి. తర్వాత కొన్నదాన్ని సరైన స్టాంపు కిందికి తీసుకోరు.

అప్పుడు ఒప్పందమే రద్దవుతుందా అని అడిగాను. కాదన్నారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. స్టాంపు సరిగా లేని పత్రం చెల్లనిది కాదు, దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి మాత్రం అడ్డు ఉంటుంది, ఆ లోపాన్ని సరిచేసుకోవచ్చు అని. సరిచేయడమంటే సుంకం, దానిమీద జరిమానా కట్టడం. కేంద్ర చట్టం ప్రకారం ఆ జరిమానా తక్కువపడిన సుంకానికి పదింతల దాకా ఉంటుంది. సుంకం వంద రూపాయలు అనుకుంటే, దానితోపాటు మరో వెయ్యి. మొత్తం పెద్దదేం కాదు. కానీ ఆ పత్రం సాక్ష్యంగా నిలబడాల్సిన రోజున అవతలి లాయరు అభ్యంతరం లేవనెత్తితే, సుంకం కట్టి వచ్చేదాకా కేసు అక్కడే ఆగుతుంది. బకాయి వసూలు చేసుకోవాల్సినవాళ్లకు ఆ ఆలస్యమే అసలు నష్టం.

అందుకే ఇప్పుడు స్టాంపు సర్టిఫికెట్‌ను మొదటి పేజీగా చేర్చాకే సంతకాలకు పంపే సర్వీసు వాడుతున్నాం. అప్పుడు స్టాంపు పేజీ కూడా సంతకం కిందికే వస్తుంది, దాన్ని మార్చినా తెలిసిపోతుంది. పంపేముందు సర్టిఫికెట్ నంబరు, రెండు పక్షాల పేర్లు, తేదీ, కట్టిన సుంకం చూసుకుంటాను. చాలా రాష్ట్రాల్లో ఈ-స్టాంప్‌లు స్టాక్ హోల్డింగ్ కార్పొరేషన్ ద్వారా వస్తాయి కాబట్టి వాళ్ల సైట్‌లో నంబరు కొట్టి సరిపోల్చుకోవచ్చు. సుంకం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పక్క రాష్ట్రం కస్టమరైతే ఎక్కడి రేటు వర్తిస్తుందో ముందే లాయర్‌ని అడగడం మేలు.

ఈ-సైన్‌లో నాకు నచ్చని పరిమితి ఒకటుంది. సంతకం చేసింది ఆ మనిషే అని ఆధార్ చెబుతుంది గానీ, ఆ సంస్థ తరఫున సంతకం చేసే అధికారం ఆయనకుందని చెప్పదు. సర్టిఫికెట్‌లో ఆయన పేరే ఉంటుంది, కంపెనీ పేరు ఉండదు. అందుకని పెద్ద ఒప్పందమైతే అధికార పత్రం గానీ బోర్డు తీర్మానం కాపీ గానీ తీసుకుని ఒప్పందంతో జతచేస్తాను. లేదంటే సంస్థ పేరున్న డీఎస్‌సీతో చేయమంటాను. ఇక వీలునామా, ట్రస్టు పత్రం, మామూలు పవర్ ఆఫ్ అటార్నీ, ప్రామిసరీ నోటు లాంటివి ఈ దారిలో చేయకూడదు. బ్యాంకుల్లాంటి నియంత్రిత సంస్థలకు 2022లో కొన్ని మినహాయింపులు ఇచ్చారు, మాలాంటి వాళ్లం వాటి కిందికి రాం.

కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం రికార్డు సమర్పించేవాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు కాస్త మారినా అదీ మారిపోతుంది. సంతకాలు పూర్తయిన రోజే ఆ హ్యాష్ తీసి పెట్టుకుంటే తర్వాత ఫైలు మారలేదని చూపించడం తేలిక. విండోస్‌లో ఇంతే:

```
certutil -hashfile amc.pdf SHA256
```

సర్వీసు ఇచ్చే ఆడిట్ ట్రయల్‌ను కూడా అప్పుడే దించుకుని ఒప్పందం పక్కనే దాస్తాను. ఎప్పుడు పంపాం, ఎవరు తెరిచారు, ఏ సమయానికి సంతకం చేశారు అన్నది అందులో ఉంటుంది. చందా మానేశాక పాత రికార్డులు తీసుకోనిస్తారా అన్నది కొత్త సర్వీసు ఎంచుకునేటప్పుడు నేను రేటు కంటే ముందు అడిగే ప్రశ్న.