యూనిట్లా, లిమిట్లా? సర్క్యూట్ ఫార్ములాలో తప్పు పట్టడానికి ఏది మేలు

తిరుపతి బాలాజీ కాలనీలో పాలిటెక్నిక్, బీటెక్ పిల్లలకు సర్క్యూట్లు చెప్తుంటే ఈ ప్రశ్న తరచూ వస్తుంది: ఫార్ములా రాబట్టాక సరిచూసుకోడానికి యూనిట్లు మేలా, లేక ఒక్కో విలువను సున్నా, అనంతం చేసి చూసే లిమిట్లు మేలా? ఒకే లెక్క మీద రెండూ పెట్టి చూద్దాం.

వోల్టేజ్ డివైడర్ తీసుకోండి. సోర్స్ V, దానితో సిరీస్‌లో R1, కింద R2. ఆ R2కి ప్యారలల్‌గా లోడ్ RL. లోడ్ మీద వోల్టేజ్ ఇది:

```
Vo = V·R2·RL / (R1·R2 + R1·RL + R2·RL)
```

కంగారులో ఒకరు హారంలో `R1 + R2 + RL` రాశారనుకోండి. లవంలో వోల్టుతో పాటు ఓమ్ రెండుసార్లు ఉంది, హారంలో ఒక్కసారే. వోల్టులు రావాల్సిన చోట ఒక ఓమ్ మిగిలిపోయింది, కాబట్టి తప్పు. దీనికి సర్క్యూట్ బొమ్మ వైపు చూడాల్సిన పని కూడా లేదు. పైగా ప్రతి లైనుకీ యూనిట్లు చూసుకుంటూ పోతే ఏ లైనులో దెబ్బతిన్నామో అక్కడే తెలుస్తుంది.

ఇంకొకరు `R1·RL` రాయడం మర్చిపోయారు. యూనిట్లు చక్కగా సరిపోతాయి, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు లోడ్ తీసేసినట్టు ఊహించండి, అంటే RL అనంతం. ఫార్ములా `Vo = V` అంటుంది. కానీ లోడ్ లేకపోతే మిగిలేది మామూలు డివైడర్. R1, R2 సమానమైతే 10 వోల్టుల్లో 5 రావాలి, ఇది 10 చెబుతోంది. తప్పు దొరికింది. అదే ఫార్ములాను లోడ్ షార్ట్ చేసి, అంటే RL సున్నా పెట్టి చూస్తే సున్నా వస్తుంది. అది సరైన జవాబే! అందుకే ఒక్క లిమిట్ చూసి ఊరుకోకూడదు.

హారంలో `R1·R2`కి బదులు `2·R1·R2` పడితే మరీ మొండి కేసు. యూనిట్లు పాస్. RL సున్నా పాస్, RL అనంతం పాస్, R1 సున్నా చేసినా పాస్. R2 ఓపెన్ చేసినప్పుడే బయటపడుతుంది: `V·RL/(R1 + RL)` రావాల్సిన చోట `V·RL/(2·R1 + RL)` వస్తుంది.

తప్పులు పట్టడంలో లిమిట్లే మేలని నా అభిప్రాయం. కానీ సర్క్యూట్ అర్థం కాకపోతే లిమిట్‌లో ఏం రావాలో తెలియదు, అలాంటప్పుడు యూనిట్లే దిక్కు. పరీక్షలో నేను చేయమనేది ఇదే: రాసేటప్పుడు యూనిట్లు, చివర్లో ఒక్కో రెసిస్టర్‌నూ షార్ట్, ఓపెన్ చేసి చూడటం. మొదటి లైనులోనే అంకెలు వేసేస్తే ఈ రెండూ పనికిరావు, చివరిదాకా అక్షరాలే ఉంచండి.

రెండింటికీ దొరకని తప్పు కూడా ఉంది. ఆర్‌సీ లోపాస్ ఫిల్టర్ కటాఫ్ ఫ్రీక్వెన్సీకి `1/(2πRC)` బదులు `1/(RC)` రాస్తే యూనిట్లూ సరిపోతాయి, లిమిట్లూ సరిపోతాయి. 1 కిలో ఓమ్, 1 మైక్రోఫారడ్‌కి కటాఫ్ సుమారు 159 హెర్ట్జ్, 1000 కాదు. ల్యాబ్‌లో 1000 హెర్ట్జ్ ఇచ్చి చూస్తే అవుట్‌పుట్ కటాఫ్‌లో ఉండాల్సినట్టు ఇన్‌పుట్‌లో 70 శాతం దగ్గర ఉండదు, 16 శాతానికి పడిపోయి కనిపిస్తుంది.