ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-ఎల్ 2: చాలాకాలం వాడాక నా మాట

పాటకు చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్‌లో, హద్దు దాటే పీక్‌లను కోసే లిమిటర్‌గా నేను ఏళ్లుగా చివర్లో వాడే ప్లగిన్ ఇదే. ఇందులో నాకు బాగా పనికొచ్చింది పెద్దగా ఎవరూ పట్టించుకోని ‘యూనిటీ గెయిన్’ బటన్. గెయిన్ ఎంత పెంచినా ఔట్‌పుట్‌ను అంతే తగ్గించి వినిపిస్తుంది. సౌండ్ పెరిగితే చెవికి ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది కాబట్టి, ఇది లేకుండా లిమిటర్ పాటకేం చేస్తోందో తేల్చడం కష్టం.

డ్రమ్స్ ఎక్కువున్న ఒక పాటకు రెండు మాస్టర్లు చేశాను. పీక్‌లు దాటకూడని హద్దు, అంటే సీలింగ్, రెండింటికీ −1 డీబీ ట్రూ పీక్. శాంపిళ్ల మధ్య లేచే పీక్‌లనూ లెక్కేసేదే ట్రూ పీక్. పాట మొత్తం సౌండ్‌ను కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్‌లో ఒకటి −8. స్నేర్ పడ్డ ప్రతిసారీ లిమిటర్ 6 డీబీ దాకా కోసింది. రెండోది −10.5, కోత 3 డీబీ దాటలేదు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని −14కి తెస్తుంది. అంటే మొదటిదాన్ని 6 డీబీ, రెండోదాన్ని 3.5 డీబీ దించుతుంది. పీక్‌లు మొదటిదాంట్లో −7 దగ్గర, రెండోదాంట్లో −4.5 దగ్గర ఆగుతాయి. మొత్తం సౌండ్ సమానమే, కానీ రెండోదాంట్లో స్నేర్‌కు 2.5 డీబీ ఎక్కువ చోటుంది. పక్కపక్కన వింటే ఆ దెబ్బలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. నేను రెండోదే పంపాను.

అలాగని అన్నీ −14కే చేయాలని కాదు. ఇలా పాటల సౌండ్‌ను సమం చేసే నార్మలైజేషన్‌ను ఆపేసి వినేవాళ్లు కూడా ఉంటారు. పాట ఎక్కడ నలగడం మొదలవుతుందో చెవితో పట్టుకుని, అక్కడి నుంచి కాస్త వెనక్కి రావడమే నా పద్ధతి. ‘ఆడిషన్ లిమిటింగ్’ నొక్కితే కోసేసిన భాగం మాత్రమే వినిపిస్తుంది. అందులో టిక్‌టిక్‌మనే దెబ్బలు మాత్రమే ఉంటే ఫరవాలేదు. గాయకుడి గొంతు గరగరమంటూ వినిపిస్తే గెయిన్ ఎక్కువైనట్టే.

కోత అయ్యాక లిమిటర్ మామూలు స్థాయికి తిరిగొచ్చే సమయమే రిలీజ్. దాని విషయంలో జాగ్రత్త అవసరం. 50 హెర్ట్జ్ బేస్ ఒక్కో తరంగం 20 మిల్లీసెకన్లు ఉంటుంది. రిలీజ్ అంతకన్నా వేగంగా ఉంటే లిమిటర్ ఆ తరంగం లోపలే పైకీ కిందకీ ఆడి బేస్ చిట్లుతుంది. మరీ నెమ్మదిగా ఉంటే కిక్ పడ్డాక గొంతు కుంగి మళ్లీ లేస్తుంది.

ట్రూ పీక్ ఆన్‌లో ఉన్నా, ఫైల్‌ను కుదించే ఏఏసీ ఫార్మాట్‌కు మార్చాక పీక్‌లు మళ్లీ పెరగొచ్చు. అందుకే పంపేముందు ఇలా కొలుస్తాను:

```
ffmpeg -i master.wav -c:a aac -b:a 128k test.m4a
ffmpeg -i test.m4a -af ebur128=peak=true -f null -
```

చివర వచ్చే ట్రూ పీక్ 0 దాటితే సీలింగ్‌ను −2కి దించుతాను. −14 కన్నా గట్టిగా ఉన్న మాస్టర్లకు స్పాటిఫై సూచించేదీ అదే. మెల్లని పాటలకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. −17 దగ్గరున్న పాటకు పీక్‌లు అప్పటికే −1కి చేరి ఉంటే స్పాటిఫై దాన్ని పైకి లేపదు, యూట్యూబ్ అయితే ఏ పాటనూ లేపదు. అలాంటి పాటల్లో నేను లిమిటర్‌ను ఒకటి రెండు పీక్‌లు పట్టుకోవడానికే ఉంచుతాను.