ఫీడ్‌బ్యాక్ ఒక్కటే చాలా, ఫీడ్‌ఫార్వర్డ్ కూడా కలపాలా? మోడల్ తప్పితే ఏది మేలు?

ఫీడ్‌బ్యాక్ అంటే ఫలితం తప్పాక చూసి సరిదిద్దడం. ఫీడ్‌ఫార్వర్డ్ అంటే కారణం మారగానే లెక్క కట్టి ముందే కదలడం, ఆ లెక్కకు ఆధారమే మోడల్. ఉదాహరణకు స్టీమ్‌తో నీళ్లు వేడిచేసే హీట్ ఎక్స్ఛేంజర్ తీసుకుందాం. గంటకు 10 టన్నుల నీళ్లు 30 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చి, 70 డిగ్రీలకు వేడెక్కి బయటికి వెళ్లాలి. కిలో స్టీమ్ నీరుగా మారితే సుమారు 2,133 కిలోజౌళ్ల వేడి ఇస్తుంది. ఆ లెక్కన గంటకు 784 కిలోల స్టీమ్ కావాలి. ఉన్నట్టుండి నీటి ప్రవాహం 12 టన్నులకు పెరిగిందనుకోండి. స్టీమ్ మార్చకపోతే బయటి ఉష్ణోగ్రత 63.3 డిగ్రీలకు పడిపోతుంది. మళ్లీ 70 రావాలంటే అదనంగా 157 కిలోల స్టీమ్ కావాలి.

ఇక్కడ రెండు ఆలస్యాలు గుర్తుంచుకోవాలి. స్టీమ్ మార్చిన ప్రభావం థర్మోకపుల్ దగ్గర 15 సెకన్ల తర్వాత మొదలై, 60 సెకన్ల టైమ్ కాన్‌స్టెంట్‌తో పెరుగుతుందనుకుందాం. నీటి ప్రవాహం మారిన ప్రభావం మాత్రం 5 సెకన్లకే మొదలై, 30 సెకన్ల టైమ్ కాన్‌స్టెంట్‌తో వస్తుంది. టైమ్ కాన్‌స్టెంట్ అంటే మార్పు మొదలయ్యాక అందులో 63 శాతం పూర్తి కావడానికి పట్టే సమయం. అంటే కష్టం త్వరగా వస్తుంది, మందు నిదానంగా పనిచేస్తుంది. కింద చెప్పే ఉష్ణోగ్రతలన్నీ ఈ అంకెలతో చేసిన లెక్కలే.

ఫీడ్‌బ్యాక్ ఒక్కటే ఉంటే, ఇప్పటి లోటునూ, అది పేరుకున్న మొత్తాన్నీ చూసి స్టీమ్ సవరించే పీఐ కంట్రోలర్ ఉష్ణోగ్రత పడటం చూశాకే కదులుతుంది. ప్రభావం మొదలయ్యేదాకా పట్టే ఆ 15 సెకన్ల డెడ్ టైమ్‌ను బట్టి జాగ్రత్తగా ట్యూన్ చేసినా (గెయిన్ డిగ్రీకి 39 కిలోలు, ఇంటెగ్రల్ టైమ్ 60 సెకన్లు) ఉష్ణోగ్రత 3.6 డిగ్రీలు పడుతుంది. లోటు ఒక డిగ్రీలోపుకు రావడానికి నిమిషంన్నర పడుతుంది. గెయిన్ ఇంకా పెంచితే ఈ పడిపోవడం కొంత తగ్గుతుంది కానీ లూప్ ఊగడం మొదలుపెడుతుంది.

ఫీడ్‌ఫార్వర్డ్ కలిపితే ఫ్లో మీటర్‌లో మార్పు కనిపించిన క్షణమే స్టీమ్ కదులుతుంది. సూత్రం చాలా చిన్నది:

```
Ws_sp = 0.00196 * F * (T_sp - T_in) + u_fb
```

`Ws_sp` పంపాల్సిన స్టీమ్, `F` నీటి ప్రవాహం, రెండూ గంటకు కిలోల్లో. `T_sp` కావలసిన ఉష్ణోగ్రత, అంటే సెట్‌పాయింట్. `T_in` లోపలికి వచ్చే నీటి ఉష్ణోగ్రత. `u_fb` పీఐ చేసే సవరణ. ఇది వేడి లెక్కే తప్ప ఇంకేమీ కాదు. దీనితో ఉష్ణోగ్రత 2.15 డిగ్రీలే పడుతుంది, నిమిషం దాటేసరికి సెట్‌పాయింట్‌కు వచ్చేస్తుంది. అయితే అక్కడ ఆగదు, 0.65 డిగ్రీలు పైకి పోతుంది.

చాలామంది ఈ ఓవర్‌షూట్ చూసి ఫీడ్‌ఫార్వర్డ్ గెయిన్ ఎక్కువైందనుకుంటారు. నిజానికి గెయిన్ సరిగ్గానే ఉంది. ఫీడ్‌ఫార్వర్డ్ పంపిన స్టీమ్ ఇంకా దారిలో ఉండగానే పీఐకి తక్కువ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. అది తనవంతుగా ఇంకొంత స్టీమ్ పోస్తుంది. ఆ అదనాన్ని తర్వాత వెనక్కి తీసుకోవాలంటే ఉష్ణోగ్రత కాసేపు పైన ఉండక తప్పదు. ఎందుకంటే పీఐ ఔట్‌పుట్ చివరికి ఎంత మారిందన్నది ఎర్రర్ కింద ఉన్న మొత్తం వైశాల్యాన్ని బట్టే ఉంటుంది:

```
∫e dt = (Ti / Kc) * Δu_fb
```

`e` ఎర్రర్, అంటే సెట్‌పాయింట్‌కూ ఉష్ణోగ్రతకూ తేడా. `Kc` పీఐ గెయిన్, `Ti` ఇంటెగ్రల్ టైమ్. ఫీడ్‌ఫార్వర్డ్ మొత్తం 157 కిలోలూ తెచ్చిస్తే `Δu_fb` సున్నా. కాబట్టి వైశాల్యం కూడా సున్నా, అంటే సెట్‌పాయింట్ కింద ఎంత వైశాల్యం ఉందో పైనా అంత ఉండాలి.

మోడల్ తప్పితే ఏమవుతుందో కూడా ఈ సూత్రమే చెబుతుంది, నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే సంగతి అదే. ఫీడ్‌ఫార్వర్డ్ గెయిన్ 30 శాతం తక్కువగా ఉందనుకోండి. అది 110 కిలోలు తెస్తుంది, మిగిలిన 47 కిలోలు పీఐ తెచ్చుకుంటుంది. ఉష్ణోగ్రత 2.5 డిగ్రీలు పడుతుంది. ఓవర్‌షూట్ మాత్రం దాదాపు సగానికి తగ్గిపోతుంది. మూడోవంతు తప్పిన మోడల్ కూడా ఒంటరి ఫీడ్‌బ్యాక్ కంటే స్పష్టంగా మేలన్నమాట. అదే గెయిన్ రెండింతలైతే, మొదట 1.9 డిగ్రీలు పడి, తర్వాత 2.4 డిగ్రీలు పైకి పోతుంది. పీఐ ఇప్పుడు 157 కిలోలు వెనక్కి లాగాలి. అంటే దానికి పని ఫీడ్‌ఫార్వర్డ్ లేనప్పుడు ఉన్నంతే ఉంది, దిశ మాత్రమే మారింది. నీళ్లు కాస్త చల్లబడితే పర్వాలేదు, వేడెక్కితే సరుకు పాడవుతుందనే చోట ఇది పెద్ద నష్టమే. అందుకే గెయిన్ లెక్క ప్రకారం వచ్చిన దానిలో 80 శాతం దగ్గర పెట్టడం మంచిదని నా అభిప్రాయం. తక్కువ వైపు తప్పితే పోయేది కొద్దిగానే.

మరి టైమింగ్ కూడా సరిచేద్దామని, సిగ్నల్‌ను మొదట్లో ఎక్కువ తన్ని తర్వాత అసలు స్థాయికి దించే లీడ్-లాగ్ పెడితే? ఇక్కడ లీడ్ 60, లాగ్ 30 సెకన్లు కావాలి. డెడ్ టైమ్‌ల తేడా పూడ్చాలంటే మార్పు రావడానికి 10 సెకన్ల ముందే స్టీమ్ కదలాలి, అది సాధ్యం కాదు. దాంతో మొదటి 15 సెకన్లలో 1.9 డిగ్రీలు ఎలాగూ పడుతుంది. లీడ్-లాగ్ పెట్టినందుకు 2.15 కాస్తా 1.9 అవుతుంది, పీఐతో కలిస్తే ఓవర్‌షూట్ దాదాపు అంతే ఉంటుంది. ఈ కాస్తకు 157 కిలోల అడుగు మొదట్లో 314 కిలోలుగా తన్నుతుంది, ఫ్లో మీటర్ నాయిస్ కూడా రెండింతలై వాల్వ్‌కు చేరుతుంది. ఈ ఎక్స్ఛేంజర్‌కు నేనైతే లీడ్-లాగ్ పెట్టను. స్టీమ్ డెడ్ టైమ్ ప్రవాహం డెడ్ టైమ్ కంటే తక్కువగా ఉన్న చోట అది నిజంగా పనికొస్తుంది.

మోడల్ తప్పు ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా ఎంపికను మారుస్తుంది. ఫీడ్‌ఫార్వర్డ్ సిగ్నల్‌ను నేరుగా వాల్వ్‌కు ఇస్తే స్టీమ్ ప్రెషర్ మారినా, వాల్వ్ అరిగినా, ట్యూబుల్లో పొలుసు పట్టినా లెక్క తప్పుతుంది. అదే సిగ్నల్‌ను స్టీమ్ ఫ్లో కంట్రోలర్ సెట్‌పాయింట్‌గా ఇస్తే ఆ ఇబ్బందులు చాలావరకు లోపలి లూప్‌లోనే తీరిపోతాయి. పొలుసు పట్టినా కావలసిన వేడి మారదు, వాల్వ్ కాస్త ఎక్కువ తెరుచుకోవాలి, అంతే. ఇక లోపలికి వచ్చే నీళ్లు చలికాలంలో 22 డిగ్రీలే అయితే, 30 అనుకుని పెట్టిన స్థిర నిష్పత్తి 17 శాతం తక్కువ స్టీమ్ ఇస్తుంది. పై సూత్రంలో `T_in` ఉన్నది ఇందుకే.

తప్పు ఏ రకమో తెలుసుకోవాలంటే, ప్రవాహం మారి అంతా కుదురుకున్నాక `u_fb` ట్రెండ్ చూడండి. గెయిన్‌ను కావాలని తగ్గించి ఉంటే ఆ భాగం పీఐ మీద ఎలాగూ పడుతుంది, దాన్ని పక్కన పెట్టి చూడాలి. అంతకు మించి స్థాయి మారి అక్కడే నిలబడితే అది గెయిన్ తప్పు. అటూ ఇటూ కదిలి మొదటి స్థాయికే వచ్చేస్తే గెయిన్ సరిగ్గా ఉంది, తేడా టైమింగ్‌లో ఉంది.

రెండు పద్ధతుల్లో మోడల్ తప్పు చేసే హాని ఒకటి కాదు. పీఐ ట్యూనింగ్‌కు వాడిన మోడల్ తప్పితే లూప్ స్థిరత్వమే పోవచ్చు. ఉదాహరణకు నీటి ప్రవాహం సగమైతే అదే స్టీమ్ మార్పుకు ఉష్ణోగ్రత రెండింతలు కదులుతుంది, లూప్ ఊగుతుంది. ఫీడ్‌ఫార్వర్డ్ మోడల్ తప్పితే పోయేది కచ్చితత్వమే, లూప్ స్థిరత్వం చెక్కుచెదరదు. అయితే కొలిచే ప్రవాహం మన ఉష్ణోగ్రతను బట్టి మారకూడదు, ఆ షరతు మీదే ఇది నిలబడుతుంది. నీళ్లు చల్లబడితే ప్రవాహాన్ని తగ్గించే ఓవర్‌రైడ్ ఎవరైనా పెట్టి ఉంటే, ఉష్ణోగ్రత పడగానే ప్రవాహం తగ్గుతుంది, దాన్ని చూసి ఫీడ్‌ఫార్వర్డ్ స్టీమ్ తగ్గిస్తుంది. అప్పుడది ఇంకో ఫీడ్‌బ్యాక్ లూప్ అయిపోయినట్టే, దాని స్థిరత్వం విడిగా చూడాల్సిందే.