మూడు రూపాయల వడ్డీ, జీతం అడ్వాన్స్: రెండూ వాడాక నా అనుభవం

కడపలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. జీతం 16,000. మా ఆయన ఆటో తోలతాడు. అవసరం మీద పడి 30,000 తేవాల్సిన పరిస్థితి నాకు రెండుసార్లు వచ్చింది.

2021లో ఆటో ఇంజన్ పోయింది. మా వీధిలో వడ్డీకిచ్చే ఆయన దగ్గరికి పోతే గంటలో పని అయింది. నూటికి మూడు రూపాయలు, ప్రోనోటు మీద సంతకం. మొదటి నెల వడ్డీ పట్టుకుని 29,100 చేతికిచ్చాడు. నెలకు 900 పెద్ద బరువనిపించలేదు, అదే నన్ను ముంచింది. మధ్యలో 3,000 మిగిలితే తీసుకెళ్లాను. "అసలు కొంచెం కొంచెం వద్దమ్మా, ఒకేసారి తెచ్చివ్వు" అన్నాడు. ఆ 3,000 ఇంట్లోనే ఖర్చయిపోయింది. పద్నాలుగు నెలల్లో వడ్డీ 12,600 అయింది, అసలు 30,000 అట్లే నిలబడింది. చివరికి చీటీ పాడి కట్టాను. అసలు ముక్కలుగా తీసుకుని, ప్రోనోటు వెనక ఎప్పటికప్పుడు చెల్లు రాసిచ్చేవాళ్లయితే ఇంత నష్టం ఉండదు. వడ్డీ ఎంతని అడిగే ముందు ఆ మాట అడగాల్సింది.

2024లో నాన్న పోయారు. దినాల ఖర్చుకు ఓనర్‌ను అడ్వాన్స్ అడిగాను. డబ్బు చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. వడ్డీ లేదు, నెలకు 5,000 కటింగ్ అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను, అది తప్పు. చేతికి 11,000 వస్తే బాడుగ 4,000 పోయాక నెల గడవలేదు, రెండో నెలలో పక్కింటి అక్క దగ్గర 3,000 చేబదులు తీసుకున్నాను. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదని చట్టం చెబుతుంది, కానీ సగం పోతే మాలాంటి ఇల్లు నడవదు. పరిస్థితి చెప్పుకుంటే మిగిలిన 20,000కు నెలకు 2,500 చేశారు.

దసరా నెలలో 2,500 రెండుసార్లు కోశారు. నేను నోటుబుక్కులో ప్రతి నెలా బాకీ రాసుకునేదాన్ని కాబట్టి జీతం చీటీ చూడగానే తెలిసింది. అకౌంటెంట్ సార్‌కు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వచ్చే నెల సరిచేశారు. నోటి లెక్క అయ్యుంటే వాదించలేకపోయేదాన్ని.

అడ్వాన్స్‌కు కూడా ఖరీదు ఉంది. ఇంకా 12,500 బాకీ ఉన్నప్పుడు వేరే షాపువాళ్లు 2,000 ఎక్కువిస్తామని పిలిచారు. మానేస్తే బాకీ మొత్తం ఒకేసారి కట్టాలి. ఐదు నెలలు ఆగమంటే వాళ్లు ఆగలేదు.

అయినా మళ్లీ అవసరమొస్తే అడ్వాన్సే అడుగుతాను, ప్రతి కటింగ్‌కూ అసలు తగ్గుతుంది కాబట్టి. ఈ జీతానికి 2,500 మించి కటింగ్‌కు మాత్రం ఒప్పుకోను. కొద్ది నెలల్లో ఉద్యోగం మారాలనుకునేవాళ్లు అడ్వాన్స్ జోలికి పోవద్దని మా షాపు అమ్మాయిలకు చెబుతున్నాను.